తాంబూలాలకి ముందే తెలియాల్సిన లెక్క

సంబంధం కుదిరేలా ఉందంటే మన ఇళ్ళల్లో వాకబు మొదలవుతుంది. అబ్బాయి ప్యాకేజీ ఎంత, సొంతిల్లుందా, ఊళ్ళో ఎన్నెకరాలు, అమ్మాయి ఉద్యోగం పర్మనెంటా కాంట్రాక్టా, ఇంకా పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్నారా. మేనమామలు, పిన్నులు, ఆఫీసులో తెలిసినవాళ్ళు అందరూ తలో చెయ్యి వేస్తారు. అయితే ఈ ప్రశ్నలన్నీ ఉన్నదాని గురించే. ఆ ఇంటి మీద లోన్ ఎంత మిగిలింది, ఆ పొలం మీద పంట రుణం ఉందా, ఆ జీతంలో ఒకటో తారీఖునే ఎంత వెళ్ళిపోతోంది అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే ఎక్కడ సంబంధం తప్పిపోతుందోనని భయం.

ప్రేమించుకున్నవాళ్ళ సంగతీ పెద్ద తేడాగా ఉండదు. మూడేళ్ళుగా కలిసి తిరుగుతున్నా, బిల్లులు పంచుకుంటున్నా, ఒకరి ఈఎంఐ ఎంతో ఇంకొకరికి తెలియని జంటలు చాలా ఉన్నాయి. కలిసి సరదాగా ఖర్చు పెట్టడం వాళ్ళకి అలవాటైంది గానీ, ఎవరి బాధ్యత ఎంతన్నది ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

డబ్బు సంగతి ఎప్పుడు ఎత్తాలన్నదానికి నాకు తోచిన జవాబు ఒకటే. ఇద్దరికీ మనసులో సరేననిపించిన తర్వాత, తాంబూలాలు పుచ్చుకోకముందు. పెద్దలు కుదిర్చిన సంబంధంలో ఈ మధ్య కాలం ఒక్కోసారి రెండు మూడు వారాలే ఉంటుంది. అయినా అదే సరైన సమయం. పెళ్ళిచూపుల్లోనో, మొదటి ఫోన్ కాల్లోనో అప్పుల గురించి అడిగితే అవతలి మనిషికి పరీక్షలో కూర్చున్నట్టుంటుంది, నిజం సగమే బయటికొస్తుంది. తాంబూలాలయ్యాక అడిగితే జవాబు ఏదైనా చేయగలిగేది తక్కువ. అప్పటికి ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, బంధువులందరికీ కబురు వెళ్ళిపోయి ఉంటుంది. 'నాకు కొంచెం ఆలోచించుకోవాలనుంది' అన్న మాట అప్పుడు రెండు కుటుంబాల పరువు సమస్య అయిపోతుంది. ప్రేమ వివాహాలకైతే ఆ గీత ఇంట్లో చెప్పే రోజు. ఒకసారి ఇంట్లో చెప్పాక ఇద్దరూ కలిసి పెద్దవాళ్ళని ఒప్పించే పనిలో పడతారు. తమ తరఫు లోపం దేన్నీ అప్పుడు ఎవరూ బయటపెట్టరు.

అలాగని అన్నీ ఒక్క రోజే కుమ్మరించాల్సిన పని లేదు. పరిచయం మొదట్లో అంకెలు అవసరం లేదు, అలవాట్లు చాలు. మొదటి జీతంతో ఏం చేశారు, ఇంట్లో డబ్బు లెక్కలు ఎవరు చూసేవాళ్ళు, స్నేహితుడు చేబదులు అడిగితే ఏం చేస్తారు లాంటివి మామూలు కబుర్లలోనే వచ్చేస్తాయి. నెల మొదటి వారంలో, చివరి వారంలో మనిషి ఖర్చు ఎలా మారుతుందో గమనిస్తే ఇంకొంత తెలుస్తుంది. ఇది నచ్చి, మనిషీ నచ్చి, ముందుకు వెళ్దామనుకున్నాకే అంకెల దగ్గరికి రావాలి.

ఆ అంకెలు ఎలా ఉంటాయో ఒక ఊహా జంటతో చూద్దాం. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బయోడేటాలో ప్యాకేజీ 14 లక్షలు అని ఉంది. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఏడాది చివర వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే అన్నీ కలిసే ఉంటాయి. నెలకి చేతికొచ్చేది 90,000 అనుకుందాం. అమ్మాయి ఒక ప్రైవేటు బ్యాంకులో చేస్తోంది, చేతికి 52,000 వస్తుంది. పైకి చూస్తే ఇద్దరికీ కలిపి 1,42,000, ఇబ్బందేమీ లేని సంసారం.

ఇప్పుడు అబ్బాయి వైపు బాధ్యతలు. చెల్లెలి పెళ్ళికి రెండేళ్ళ కిందట 6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాడు. 14 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు. నెలకి దాదాపు 13,960 కడుతున్నాడు, ఇంకా 36 నెలలు ఉంది. ఈ రోజు మొత్తం తీర్చేయాలంటే అసలే 4 లక్షల పైన ఉంటుంది. ఊళ్ళో ఇంటి మీద గది వేయడానికి 5 లక్షల చిట్టీ పాడుకున్నాడు. డివిడెండ్ పోగా నెలకి 9,000 చొప్పున ఇంకా 22 నెలలు కట్టాలి. నాన్న మందులకీ ఇంటి ఖర్చుకీ నెలకి 15,000 పంపిస్తాడు. క్రెడిట్ కార్డు మీద 70,000 బాకీ, దానికి నెలనెలా మినిమమ్ డ్యూ మాత్రం కడుతున్నాడు.

ఈ నాలుగింటిలో అందరికీ చిన్నగా కనిపించేది కార్డు బాకీ. నిజానికి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. మినిమమ్ 5 శాతం అనుకుంటే అతను కట్టేది 3,500. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుంటే 70,000 మీద 2,450 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 441. కట్టిన 3,500లో 2,891 ఇలా పోతే అసలులోకి చేరేది 609 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని రోజులు కూడా ఉండవు, గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. 70,000 బాకీ కన్నా, నెలల తరబడి మినిమమ్ కట్టుకుంటూ పోవడమే అతని డబ్బు అలవాటు గురించి ఎక్కువ చెబుతుంది. ఒక నెల ఆస్పత్రి ఖర్చొచ్చి అలా జరిగిందా, లేక ఎప్పుడూ ఇంతేనా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన తేడా.

నాలుగూ కలిపితే నెలకి 41,460. అంటే 90,000 జీతంలో అద్దెకి, తిండికి, పొదుపుకి మిగిలేది 48,540.

అమ్మాయి వైపు చూద్దాం. ఆమె పేరు మీద అప్పేమీ లేదని ఇంట్లో అందరూ అనుకుంటారు. కానీ నాన్నగారికి లోన్ ఇచ్చేటప్పుడు వయసు ఎక్కువైందని బ్యాంకు ఆమెని కో-అప్లికెంటుగా చేర్చింది. నెలకి 18,000 ఈఎంఐ ఆమె జీతం నుంచే వెళ్తోంది, ఇంకా తొమ్మిదేళ్ళు ఉంది. తమ్ముడు చదువు ముగించి ఉద్యోగంలో చేరగానే వాడు కడతాడని ఇంట్లో ఒక అనుకోలు. కాగితం మీద అది ఎక్కడా లేదు. పెళ్ళయిందని బ్యాంకు ఆమె పేరు తీసేయదు. తీయాలంటే మిగిలినవాళ్ళ ఆదాయం ఆ లోనుకి సరిపోతుందని బ్యాంకు మళ్ళీ లెక్కగట్టి ఒప్పుకోవాలి. రేపు ఈ జంట ఇద్దరి జీతాలూ చూపించి సొంతిల్లు కొనుక్కోవాలనుకుంటే ఆ 18,000 ఆమె లెక్కలో ఉండే ఉంటుంది. ఈఎంఐలన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో దాదాపు సగం దాటితే బ్యాంకులు కొత్త లోనుకి సాధారణంగా వెనకాడతాయి.

ఆమె దగ్గర 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. అబ్బాయి దాన్ని తమ భవిష్యత్తుకి పొదుపు అనుకుంటున్నాడు. ఆమె తల్లిదండ్రులు అది పెళ్ళి ఖర్చుకి అనుకుంటున్నారు. ఒకే డబ్బు రెండు చోట్ల లెక్కలో ఉంది. పెళ్ళయిన మూడో నెలలో ఇది బయటపడితే ఎవరు ఎవర్ని మోసం చేశారన్న గొడవ వస్తుంది, నిజానికి ఎవరూ మోసం చేయలేదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇక్కడే ఉంది. పెళ్ళయ్యాక అమ్మాయి తన జీతంలోంచి పుట్టింటికి పంపడం కొనసాగుతుందా? అబ్బాయి వాళ్ళింటికి పంపే 15,000 గురించి ఎవరూ ఈ ప్రశ్న అడగరు, కొడుకు కదా పంపుతాడనుకుంటారు. అమ్మాయి పంపే 18,000 మాత్రం పెళ్ళితో ఆగిపోతుందని అత్తవారింట్లో చెప్పకుండానే అనేసుకుంటారు. రెండూ ఒకే రకం బాధ్యతలు, రెండింటినీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయాలి. తాంబూలాలకి ముందు ఈ ఒక్క విషయంలో స్పష్టత వచ్చినా పెద్ద చిక్కు తప్పుతుంది.

ఆ కాగితానికి మూడు గడులు చాలు. దేనికి, నెలకి ఎంత, ఎప్పటిదాకా. ఈ మూడోదే చాలామంది వదిలేస్తారు. మన జంటకి ఇద్దరివీ కలిపి నెలకి కట్టాల్సింది 59,460 అని మాత్రమే చూస్తే గుండె దడదడలాడుతుంది. మూడో గడి చూస్తే చిట్టీ 22 నెలల్లో అయిపోతుంది, పర్సనల్ లోన్ మూడేళ్ళలో తీరుతుంది, కార్డు బాకీ గట్టిగా పట్టుకుంటే నాలుగైదు నెలల్లో వదులుతుంది. మూడేళ్ళ తర్వాత మిగిలేవి అబ్బాయి ఇంటికి పంపే డబ్బు, అమ్మాయి కట్టే ఈఎంఐ మాత్రమే. అంటే ఈ అప్పులు పెళ్ళి ఆపుకోవాల్సినంతవి కావు, మొదటి మూడేళ్ళు కారూ ఫ్లాటూ వద్దని చెబుతున్నాయి. 'ఎప్పటిదాకా' అన్న గడిలో ఎవరైనా ఏమీ రాయలేకపోతే అనుమానించాల్సింది అక్కడ. 'చూద్దాంలే, అదేదో అయిపోతుంది' అన్న మాట ఒక అప్పు గురించి అయితే ఫర్వాలేదు, అన్నిటి గురించీ అదే మాటైతే ఆ మనిషి తన లెక్క తానే చూసుకోవడం లేదన్నమాట.

చెప్పిన మాటకి కాగితం తోడు కావాలంటే క్రెడిట్ రిపోర్టు ఉంది. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు ఈ రిపోర్టులు ఇస్తాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కో సంస్థా ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందరూ స్కోరు ఎంతని అడుగుతారు, 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకె కన్నా లోపలి పేజీల్లో ఎక్కువ సమాచారం ఉంటుంది. ఏ లోను ఎప్పుడు తీసుకున్నారు, ఎంత మిగిలింది, ఏ నెలలో కట్టడం ఎన్ని రోజులు ఆలస్యమైంది అన్నీ కనిపిస్తాయి. ఒక లోను పక్కన 'క్లోజ్డ్' అని ఉంటే పూర్తిగా తీర్చినట్టు. 'సెటిల్డ్' అని ఉంటే మొత్తం కట్టలేక, కొంత తగ్గించి ఇస్తామని బ్యాంకుతో ఒప్పందానికి వచ్చినట్టు. ఈ రెండో మాట ఉంటే తర్వాత ఇంటి లోను దొరకడం కష్టమవుతుంది. కొద్ది నెలల్లోనే అనేక సంస్థల దగ్గర లోనుకి అడిగిన ఆనవాళ్ళు వరుసగా కనిపిస్తే, డబ్బుకి బాగా కటకటగా ఉన్న సమయమని అర్థం. కారణం అడగండి, జవాబు మామూలుదే కావచ్చు. ఎవరి రిపోర్టు వాళ్ళే తెరిచి, తమ ఫోన్లోనే చూపించుకోవాలి. పాన్ నంబరు, ఓటీపీ, పాస్‌వర్డు ఇచ్చిపుచ్చుకోవాల్సిన పని అస్సలు లేదు.

అయితే మన ప్రాంతాల్లో బరువైన అప్పులు చాలావరకు ఈ రిపోర్టులో కనిపించవు. ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది అందులో ఉండదు. ఆ రెండు రూపాయలు నెలకి, అంటే ఏడాదికి 24 శాతం. బాబాయి దగ్గర, స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు ఉండదు. బజారులో సేఠు దగ్గర పెట్టిన బంగారం ఉండదు. వాడకట్టులో నడిచే చిట్టీ ఉండదు. చిట్టీ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. 'నాకు చిట్టీ ఉంది' అని ఎవరైనా అంటే అది పొదుపో అప్పో ఆ మాటలో తెలియదు. ఇంకా పాడుకోకపోతే పొదుపు. పాడేసి డబ్బు వాడేసుకుని ఉంటే మిగిలిన వాయిదాలన్నీ అప్పే. 'పాడుకున్నారా?' అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

ఇంకొకటి ష్యూరిటీ సంతకం. చిట్టీ పాడినవాళ్ళకి డబ్బు చేతికివ్వాలంటే కంపెనీ జామీను అడుగుతుంది. స్థిరమైన ఉద్యోగం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ప్రభుత్వ టీచర్లు, ఉద్యోగులు, తోటివాళ్ళ కోసం మొహమాటానికి సంతకం పెడుతుంటారు. దాన్ని ఎవరూ తమ అప్పుగా చెప్పరు, ఎందుకంటే వాళ్ళు తీసుకున్నది కాదు. కానీ చట్టం ప్రకారం అసలు రుణగ్రస్తుడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే బాధ్యత. అవతలివాడు కట్టకపోతే వసూలు కోసం హామీదారు మీదికే రావచ్చు, కేసు కోర్టుదాకా వెళితే జీతం అటాచ్ అయ్యే ప్రమాదమూ ఉంది. కాబట్టి 'మీకు అప్పులున్నాయా?' తోపాటు 'ఎవరికైనా సంతకం పెట్టారా?' అని కూడా అడగాలి. రెండో ప్రశ్నకి జవాబు చెప్పేముందు చాలామంది ఆగి గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

పై చదువులకి అమెరికా వెళ్ళినవాళ్ళ సంబంధాల్లో ఇంకొంచెం జాగ్రత్తగా అడగాలి. ఆ ఎడ్యుకేషన్ లోను పిల్లల పేరు మీదున్నా తల్లిదండ్రులు కో-అప్లికెంట్లుగా ఉంటారు, చాలాసార్లు ఊళ్ళో ఇల్లు తనఖాలో ఉంటుంది. చదువుతున్నంతకాలం, ఆ తర్వాత కొన్ని నెలలు వాయిదాలు కట్టకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. డాలర్లలో జీతం వస్తే తీర్చడం కష్టం కాదు, వీసా ఇబ్బంది వచ్చి వెనక్కి రావాల్సొస్తే అదే అప్పు రూపాయల జీతంతో తీర్చాలి. 'వెనక్కి రావాల్సొస్తే ఎలా అనుకుంటున్నారు?' అని అడగడం శకునం పలకడం కాదు.

ఎలా మొదలుపెట్టాలన్నదే అందరికీ ఇబ్బంది. ముందు మనది చెప్పడమే మర్యాదైన దారి. ఇద్దరే కూర్చున్నప్పుడు, పెద్దలు పక్కన లేనప్పుడు అమ్మాయి ఇలా అనొచ్చు: "మీతో ఒక విషయం ముందే చెప్పాలనుకుంటున్నానండీ. నాన్నగారి ఇంటి లోనులో నా పేరుంది. నెలకి 18,000 నేనే కడుతున్నాను. పెళ్ళయ్యాక కూడా తమ్ముడికి ఉద్యోగం వచ్చేదాకా కట్టాలి. మీ ఇంట్లో దీనికి ఏమంటారో కూడా నాకు తెలియాలి." దానికి అబ్బాయి, "నావి కూడా ఉన్నాయండీ, చెల్లి పెళ్ళికి తీసుకున్నది ఇంకా కడుతున్నాను. ఆదివారం రాసి తీసుకొస్తాను, కూర్చుని చూద్దామా?" అంటే సగం పని అయినట్టే. అక్కడికక్కడ అన్ని అంకెలూ గుర్తుండవు, ఒకటి రెండు రోజుల వ్యవధి అడగడంలో తప్పు లేదు. ఆ వ్యవధి వారాలుగా సాగినా, చెప్పిన అంకె ప్రతిసారీ మారుతున్నా అది వేరే సంగతి. మొదటి రోజు తడబాటుని మాత్రం అబద్ధంగా తీసుకోకండి. అప్పు గురించి మాట్లాడటమే అవమానమన్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి నోరు పెగలడానికి కొంత సమయం పడుతుంది.

ఈ మాటలు ముందు ఆ ఇద్దరి మధ్యే జరగాలని నేను గట్టిగా అనడానికి ఇంకో కారణం ఉంది. అప్పు సంగతి నేరుగా పెద్దల మధ్యకి వెళితే అది కట్నం బేరంగా మారే ప్రమాదం ఉంది. 'అబ్బాయికి ఆరు లక్షలు అప్పుంది, అది మీరు సర్దితే మేమేమీ అడగం' అనే మాట మర్యాదగా వినిపించినా కట్నం అడగడమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, పుచ్చుకోవడమే కాదు, అడగడం కూడా నేరం. అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు శిక్ష ఉంటుంది. అప్పు చెప్పడం తెలియజేయడానికి, తీర్చమనడానికి కాదు. నిజాయితీగా చెప్పినవాళ్ళకి, చెప్పి బేరం పెట్టినవాళ్ళకి మధ్య తేడా ఆ తర్వాతి వాక్యంలోనే తెలిసిపోతుంది. 'ఇది నేను 36 నెలల్లో తీరుస్తాను' అన్నది ఒకటి, 'మీవాళ్ళు ఏమైనా చూస్తారేమో' అన్నది మరొకటి. అలాగే పెళ్ళికి ముందే మీ పేరు మీద లోన్ తీయమని, మీ కార్డు మీద కొనమని, కో-అప్లికెంటుగా సంతకం పెట్టమని అడిగితే ఆగిపోండి, ముఖ్యంగా ఆన్‌లైన్ పరిచయమైతే. పెళ్ళైనంత మాత్రాన భర్త అప్పు భార్య మీదికో, భార్యది భర్త మీదికో చట్టప్రకారం రాదు. సంతకం పెడితే మాత్రం వస్తుంది. పెళ్ళి ఆగిపోయినా ఆ సంతకం ఆగదు.

లెక్కలన్నీ చూసుకున్నాక ఒకరికి వద్దనిపించవచ్చు. అప్పు మొత్తం పెద్దదనే కారణం కన్నా, దాచారన్న కారణానికో, ఇంటికి డబ్బు పంపే విషయంలో రాజీ కుదరలేదన్న కారణానికో అలా అనిపిస్తే నేను దాన్ని తప్పు పట్టను. తాంబూలాలకి ముందైతే 'జాతకాలు కుదరలేదు' అని రెండు ఇళ్ళూ గౌరవంగా విడిపోగలవు.

ఇప్పటికే తాంబూలాలైపోయి ఉంటే? అప్పుడూ మాట్లాడాల్సిందే. శుభలేఖలు అచ్చుకి వెళ్ళకముందు, పెళ్ళి ఖర్చుకి కొత్త లోను తీయకముందు. ఆ దశలో కనీసం మూడు విషయాలు తేల్చుకోవాలి: పెళ్ళి ఖర్చుకి ఎవరు ఎంత అప్పు చేస్తున్నారు, ఆ అప్పు పెళ్ళి తర్వాత ఎవరి జీతంలోంచి తీరుతుంది, రెండు ఇళ్ళకీ నెలనెలా ఎంతెంత వెళ్తుంది. మన ఊహా జంట విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే అమ్మాయి 4 లక్షల డిపాజిట్ సంగతి బయటికొచ్చేది. వాళ్ళు హాలు చిన్నది చూసుకుని, భోజనాలు రెండు పూటల నుంచి ఒక పూటకి తగ్గించుకుని, అందులో సగమైనా మిగుల్చుకోగలిగితే మొదటి ఏడాది ఎవరికైనా ఉద్యోగం పోయినా వాళ్ళ నెలవారీ కట్టుబాట్లు మూడు నెలలకి పైగా ఆగకుండా సాగుతాయి.